ఎనొటేటెడ్ బిబ్లియోగ్రఫీ ఎంట్రీ రాయడం: ఏ ఆకరం ఏ పనికొస్తుందో తూచి చెప్పే పద్ధతి

ఎనొటేటెడ్ బిబ్లియోగ్రఫీ అంటే ప్రతి ఆకరం వివరాల కింద దాని మీద ఒక చిన్న వ్యాఖ్య, అంటే ఎనొటేషన్, ఉండే జాబితా. సాహిత్య పరిశోధన చేసేవాళ్లు దీని గురించి ఎక్కువగా అడిగేది ఒకటే. పుస్తకంలో ఏముందో రాయడం వస్తోంది, కానీ "ఇది నా పరిశోధనకు ఎలా పనికొస్తుంది" అన్న దగ్గరికి వచ్చేసరికి "ఎంతగానో ఉపయోగపడుతుంది" అని రాసి ఆగిపోతున్నాం, ఏం చేయాలి?

ఆ ఒక్క వాక్యం సరిగ్గా పడాలంటే అంతకుముందు చేయాల్సిన పని చాలా ఉంది. ఇక్కడ ఆ పనినే వరుసగా చూద్దాం. మొదటి నుంచి చివరి దాకా ఒకే ఉదాహరణ తీసుకుంటున్నాను: గురజాడ అప్పారావు నాటకం "కన్యాశుల్కం". దీనికి రెండు పాఠాలు, అంటే రచయిత రాసిన రెండు రూపాలు, ఉన్నాయి. మొదటిది 1897లో అచ్చయింది. బాగా మార్చి, పెంచి రాసిన రెండోది 1909లో వచ్చింది. ఆకరాలను తూచేటప్పుడు ఎక్కడ జారిపడతామో చూపించడానికి ఇది సరిగ్గా సరిపోతుంది.

## 1. ముందు ప్రశ్నను ఒక్క వాక్యంలో పెట్టుకోండి

ఏ ఆకరమూ దానంతట అది ఉపయోగకరమూ కాదు, నిరుపయోగమూ కాదు. ఒక ప్రశ్నకు బాగా పనికొచ్చిన పుస్తకమే ఇంకో ప్రశ్నకు అక్కర్లేకుండా పోతుంది. కాబట్టి ప్రశ్న లేకుండా తూచడం మొదలుపెడితే మిగిలేది పొగడ్తే.

"కన్యాశుల్కంలో స్త్రీ పాత్రలు" అన్నది విషయం. ప్రశ్న కాదు. దాన్ని ఇలా మార్చాలి:

> 1897 పాఠం నుంచి 1909 పాఠానికి వచ్చేసరికి మధురవాణి పాత్ర ఎలా మారింది? ఆ మార్పు తర్వాత కూడా దీన్ని సంస్కరణ నాటకం అని పిలవడం ఎంతవరకు కుదురుతుంది?

ఈ ప్రశ్నలో మూడు పట్టులు ఉన్నాయి: రెండు పాఠాలు, ఒక పాత్ర, ఒక ముద్ర ("సంస్కరణ నాటకం"). చేతికొచ్చిన ప్రతి ఆకరాన్నీ ఈ మూడింటితో పోల్చి చూస్తాం. మూడింటిలో ఒక్కదాన్నీ తాకని ఆకరం ఎంత గొప్పదైనా మన జాబితాలో ఉండనక్కర్లేదు.

ప్రశ్నను ఒక కాగితం మీద రాసి ఎదురుగా పెట్టుకోండి. చదువుతూ పోయేకొద్దీ అది కొంచెం మారుతుంది, అందులో తప్పేమీ లేదు. మారిన రోజున మాత్రం అప్పటిదాకా రాసిన ఎంట్రీల చివరి వాక్యాలన్నీ మళ్లీ చూసుకోవాలి. అవి పాత ప్రశ్నకు జవాబు చెబుతూ ఉండిపోతాయి.

## 2. చేతిలో ఉన్నది ఏ ప్రతో తేల్చుకోండి

చదవకముందే చేయాల్సిన పని ఇది. చాలామంది చివరికి వాయిదా వేస్తారు.

లోపలి అట్ట, దాని వెనక పేజీ, ముందుమాట కింద ఉన్న తేదీ, ఈ మూడూ చూడండి. నాటకం మొదట అచ్చయిన సంవత్సరం ఒకటి, మీ చేతిలోని ప్రతి అచ్చయిన సంవత్సరం ఇంకొకటి. రెండూ రాసుకోవాలి. మూడోది ఇంకా ముఖ్యం: ఆ ప్రతిలో ఉన్నది ఏ పాఠం? మార్కెట్లో మామూలుగా దొరికే "కన్యాశుల్కం" 1909 పాఠమే. 1897 పాఠం కావాలంటే "మొట్టమొదటి కన్యాశుల్కం" పేరుతో పరిశోధకుడు బంగోరె వెలుగులోకి తెచ్చిన ముద్రణ లాంటిది ప్రత్యేకంగా వెతుక్కోవాలి.

ఇక్కడ ఒక చిక్కుంది. కొన్ని ప్రతుల్లో 1909 నాటకానికి ముందు 1897 ముందుమాట కూడా అచ్చేస్తారు. పాఠకుడికి రెండూ ఒకే అట్టల మధ్య కనిపిస్తాయి. దాంతో "ఈ నాటకం గురించి రచయిత ఇలా అన్నారు" అని 1897 మాటలను 1909 నాటకానికి అంటగట్టేస్తారు. ఆ రెంటికీ మధ్య పన్నెండేళ్ల దూరం ఉంది, నాటకమే మారిపోయింది. ప్రతి ఏదో ముందే తేల్చుకుంటే ఈ పొరపాటు జరగదు.

ప్రతి ఆకరానికీ ఈ వివరాలు రాసుకోండి:

- రచయిత, అనువాదకుడు, సంపాదకుడు (ఎవరు ఏ పని చేశారో విడివిడిగా)
- పుస్తకం పేరు; వ్యాసమైతే వ్యాసం పేరు, అది వచ్చిన పత్రిక లేదా సంకలనం పేరు
- ప్రచురణకర్త, ఊరు, మీ ప్రతి సంవత్సరం, మొదటి ముద్రణ సంవత్సరం
- మీరు నిజంగా చదివిన పుటలు
- ఆన్‌లైన్‌లో చదివితే పూర్తి లింకు, చూసిన తేదీ

నాలుగోది తప్పనిసరి. మూడు వందల పేజీల పుస్తకంలో ఒక అధ్యాయమే చదివితే ఎనొటేషన్ ఆ అధ్యాయం గురించే ఉండాలి, ఆ సంగతి అందులో కనిపించాలి.

## 3. చదువుతూ మూడు రకాల నోట్సు విడిగా తీయండి

పేజీని మూడు నిలువు గళ్లుగా చేసుకుంటే చాలు. మొదటి గడిలో రచయిత చెప్పింది, పుట సంఖ్యతో. రెండో గడిలో దానికి ఆయన లేదా ఆమె చూపిన ఆధారం. మూడో గడిలో మీ మాట: సందేహం, ఒప్పుకోలు, మీ ప్రశ్నతో సంబంధం.

విడిగా తీయమనడానికి కారణం ఉంది. నెల తర్వాత నోట్సు తిరగేసినప్పుడు ఏది రచయిత అభిప్రాయమో ఏది మీదో గుర్తుండదు. అవి కలిసిపోయాక రాసిన ఎనొటేషన్‌లో రచయిత అనని మాట ఆయన నోట్లో పెట్టేస్తాం. లేదా ఆయన మాటను మనదిగా రాసేస్తాం. రెండూ ప్రమాదమే.

రెండో గడి ఖాళీగా ఉంటే అదీ ఒక సమాచారమే. నాలుగు పేజీల పాటు పెద్ద పెద్ద మాటలు చెప్పి నాటకంలోంచి ఒక్క సంభాషణ కూడా చూపని వ్యాసం అక్కడే తేలిపోతుంది.

## 4. ఆకరం మీ వ్యాసంలో చేసే పని ఏమిటో చెప్పండి

ఆకరాలను ప్రాథమికం, ద్వితీయం అని విడదీయడం మనకు అలవాటు. ఆ విభజన అవసరమే, కానీ ఉపయోగం తూచడానికి అది చాలదు. ఇంతకంటే పనికొచ్చే విభజనను రచనా బోధన నిపుణుడు జోసెఫ్ బిజప్ 2008లో ప్రతిపాదించారు. ఆకరం ఏ రకందని కాకుండా, రాసేవాడు దానితో ఏం చేయబోతున్నాడని అడుగుతారాయన. అందులో నాలుగు పనులున్నాయి.

నేపథ్యం: వివాదం లేని సమాచారం కోసం వాడేది. నాటకం ఎప్పుడు వచ్చింది, ఆ రోజుల్లో పరిస్థితి ఏమిటి వంటివి.

పరిశీలన వస్తువు: మీరు విప్పి చూసేది. ఇక్కడ రెండు నాటక పాఠాలు.

వాదం: మీరు ఒప్పుకునేదో, కాదనేదో, సవరించేదో అయిన ఇతరుల అభిప్రాయం.

పద్ధతి: మీరు అరువు తెచ్చుకునే పరికరం. రెండు పాఠాలను పోల్చడం ఎలాగో నేర్పే పాఠ పరిష్కరణ శాస్త్ర గ్రంథం ఈ కోవలోకి వస్తుంది. అందులో "కన్యాశుల్కం" ఊసే ఉండకపోవచ్చు. అయినా అది మీకు కావాలి.

ఒకే ఆకరం రెండు పనులు చేయవచ్చు. 1897 ముందుమాటనే చూడండి. అందులో రచయిత ఒక లెక్క ఇస్తారు: విజయనగరం మహారాజు ఆనందగజపతి విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో జరిగిన శుల్క వివాహాల జాబితా తయారు చేయించారని, అందులో 1034 పెళ్లిళ్లు నమోదయ్యాయని. ఆ లెక్క కోసం ముందుమాటను వాడితే అది నేపథ్యం. కానీ సంస్కరణ అనే ఉద్దేశాన్ని రచయిత ఏ మాటల్లో, ఎవరిని ఒప్పించడానికి, ఏ భాషలో చెప్పారో విశ్లేషిస్తే అదే ముందుమాట పరిశీలన వస్తువు అవుతుంది. ఆ ముందుమాట ఇంగ్లిషులో ఉందన్న సంగతి మొదటి వాడకంలో లెక్కలోకే రాదు. రెండో వాడకంలో అదే కీలకం.

ఎంట్రీలో ఆ పని పేరు నేరుగా రాయండి. "ఈ ముందుమాటను నేపథ్యంగా కాక పరిశీలన వస్తువుగా వాడతాను" అన్న ఒక్క వాక్యం మార్గదర్శకుడికి మీ ప్రణాళిక మొత్తం చెప్పేస్తుంది.

## 5. ఉపయోగాన్ని తూచే నాలుగు ప్రశ్నలు

పని తేలాక బరువు చూడాలి. నాలుగు ప్రశ్నలు చాలు. నిజానికి మొదటిదే మిగతా మూడింటికంటే ఎక్కువ తేలుస్తుంది.

ఈ ఆకరం లేకపోతే నా వ్యాసంలో ఏ వాక్యం పడిపోతుంది? ఆ వాక్యాన్ని పట్టుకుని రాయగలిగితే ఆకరం ఉండాలి. ఏ వాక్యమూ పడిపోకపోతే అది మీకు తెలిసిన విషయాన్నే మళ్లీ చెబుతోందన్నమాట. "సంఖ్య కోసం పెట్టాను" అన్న ఆకరాలన్నీ ఈ ప్రశ్న దగ్గరే రాలిపోతాయి.

రచయిత చూసింది ఏ పాఠాన్ని? మధురవాణి గురించి రాసిన విమర్శ వ్యాసం దాదాపుగా 1909 పాఠాన్ని మనసులో పెట్టుకునే రాసి ఉంటుంది. ఆ సంగతి వ్యాసంలో చెప్పకపోవచ్చు. అందులో ఎత్తి చూపిన సంభాషణలను తీసుకుని రెండు పాఠాల్లోనూ వెతకండి. పది నిమిషాల పని. ఆ సంభాషణ 1897 పాఠంలో లేదనుకోండి, ఆ వ్యాసం మీ ప్రశ్నలో సగానికే జవాబు చెబుతుందని మీకు తెలిసిపోయినట్టే. ఆ మాట ఎనొటేషన్‌లో రాస్తే అదే నిజమైన మూల్యాంకనం.

చెప్పిన మాటకూ చూపిన ఆధారానికీ పొంతన ఉందా? ముందుమాటలోని 1034 లెక్కనే తీసుకుందాం. ఆ జాబితా పూర్తి కాదని, డబ్బు పుచ్చుకున్నామని చెప్పడానికి జనం వెనకాడారని రచయితే అక్కడ చెబుతారు. అంటే ఆ సంఖ్యను "అప్పట్లో జరిగిన శుల్క వివాహాల సంఖ్య" అని రాయకూడదు. "రచయిత తన ముందుమాటలో ఉదహరించిన, అసంపూర్ణమని ఆయనే ఒప్పుకున్న జాబితాలోని సంఖ్య" అని రాయాలి. ఆకరం బలహీనమని కాదు, దాని హద్దు అంతవరకే.

జాబితాలో ఇదే పని చేసేది ఇంకొకటి ఉందా? "కన్యాశుల్కం సంస్కరణ నాటకం" అనే వ్యాసాలు అయిదు దొరికాయనుకోండి. అయిదింటికీ ఎంట్రీలు అక్కర్లేదు. ఆధారాలు ఎక్కువగా చూపినది ఒకటి ఉంచి, మిగతావి ఎక్కడ తేడాగా ఉన్నాయో దాని ఎనొటేషన్‌లోనే ఒక వాక్యంలో చెప్పండి.

రచయిత పేరుప్రతిష్ఠలు, పుస్తకం ఎన్ని ముద్రణలు పొందింది, పేజీలు ఎన్ని అన్నవి ఈ నాలుగింటిలో లేవని గమనించండి. వాటితో మీ ప్రశ్నకు జవాబు రాదు.

## 6. ఎంట్రీ లోపలి క్రమం

ఎంట్రీలో రెండు భాగాలు: పైన గ్రంథ వివరం, కింద ఎనొటేషన్. ఎనొటేషన్ ఒకే పేరా. గ్రంథ వివరాలు రాసే పద్ధతుల్లో ఒకటైన ఎం.ఎల్.ఎ. శైలి తొమ్మిదో ముద్రణ (2021) కూడా సాధారణంగా ఒక పేరా దాటవద్దనే చెబుతుంది. ఇంగ్లిషులో 150 మాటలు అడిగే చోట తెలుగులో 80 నుంచి 110 మాటలు చాలు. విభక్తులు పదంలోనే కలిసిపోతాయి కాబట్టి అదే విషయం తక్కువ మాటల్లో పడుతుంది. మార్గదర్శకుడు పరిమితి చెప్పి ఉంటే అదే చివరి మాట.

పేరాలో వాక్యాల వరుస ఇలా ఉంటే బాగుంటుంది:

1. మొదటి వాక్యం: రచయిత వాదం ఏమిటి. విషయం కాదు, వాదం.
2. రెండు, మూడు వాక్యాలు: ఆ వాదాన్ని దేని మీద నిలబెట్టారు, ఏ భాగం చదివాం.
3. ఒకటి రెండు వాక్యాలు: ఎక్కడ బలంగా ఉంది, ఎక్కడ ఆగిపోయింది.
4. చివరి రెండు వాక్యాలు: మీ వ్యాసంలో ఏ భాగంలో, ఏ పనికి వాడతారు.

రాసే క్రమం మాత్రం దీనికి తలకిందులుగా ఉండాలి. చివరి రెండు వాక్యాలు ముందు రాయండి. తర్వాత మూల్యాంకనం, ఆఖరున సారాంశం. సారాంశంతో మొదలుపెడితే అది పెరిగిపోయి, పేరా నిండాక ఉపయోగానికి ఒక్క పొడి వాక్యమే మిగులుతుంది. ఉపయోగం ముందు రాస్తే సారాంశంలో దానికి కావాల్సిన విషయాలే మిగులుతాయి, తక్కినవి వాటంతట అవే తప్పుకుంటాయి.

## 7. బలహీనమైన ఎంట్రీని బాగుచేద్దాం

ఆకరం 1897 ముందుమాట. చాలామంది మొదటి ప్రయత్నం ఇలా ఉంటుంది:

> నవయుగ వైతాళికుడు, మహాకవి గురజాడ అప్పారావుగారు తన అజరామర నాటకానికి రాసిన ముందుమాట ఇది. ఇందులో ఆయన ఆనాటి సాంఘిక దురాచారాల గురించి చక్కగా వివరించారు. కన్యాశుల్కం వల్ల కలిగే అనర్థాలను కళ్లకు కట్టినట్టు చూపించారు. వాడుక భాష ప్రాముఖ్యత గురించి కూడా చర్చించారు. ఈ ముందుమాట నా పరిశోధనకు ఎంతగానో ఉపయోగపడుతుంది.

తప్పులు ఎక్కడున్నాయో ఒక్కొక్కటిగా చూడండి. మొదటి వాక్యం నిండా బిరుదులే, సమాచారం లేదు. "గురించి చక్కగా వివరించారు", "గురించి చర్చించారు" అన్నవి ఏ పుస్తకానికైనా అతుకుతాయి. ఏం వివరించారు, ఏమని తేల్చారు అన్నది లేదు. ఏ సంవత్సరపు ముందుమాటో చెప్పలేదు, నాటకానికి ఇంకో ముందుమాట ఉందన్న స్పృహ కూడా లేదు. చివరి వాక్యం తీసి ఇంకెవరి పరిశోధనలో పెట్టినా సరిపోతుంది. ఆ పరీక్షను ప్రతి ఎంట్రీకీ పెట్టండి: చివరి వాక్యం వేరే ప్రాజెక్టులో ఇమిడిపోతే అది ఇంకా రాయనట్టే.

బాగుచేసినది:

> గురజాడ అప్పారావు. "ముందుమాట." కన్యాశుల్కం, మొదటి కూర్పు, 1897.
>
> నాటకాన్ని సంస్కరణ సాధనంగా సమర్థించే ఈ ఇంగ్లిషు ముందుమాట, శుల్క వివాహాల్లాంటి ఆచారాలను బయటపెట్టడం సాహిత్యం బాధ్యత అని వాదిస్తుంది. అందుకు ఆధారంగా మూడేళ్లలో నమోదైన 1034 శుల్క వివాహాల జాబితాను చూపుతుంది. ఆ జాబితా పూర్తి కాదని రచయితే ఒప్పుకున్నారు. సంస్కరణ ఉద్దేశాన్ని రచయిత స్వయంగా ప్రకటించిన పత్రం కావడం దీని బలం. అయితే ఇది ఉద్దేశాన్ని చెబుతుందే తప్ప నాటకం ఆ ఉద్దేశం ప్రకారమే నడిచిందనడానికి రుజువు కాదు. పైగా ఇది 1909 పాఠానికి పన్నెండేళ్ల ముందుది. దీన్ని నేపథ్యంగా కాక పరిశీలన వస్తువుగా మొదటి అధ్యాయంలో వాడతాను: ఇందులో ప్రకటించిన లక్ష్యాన్ని 1897 పాఠంలోని మధురవాణితో మాత్రమే పోల్చి, 1909 పాఠానికి ఆ సంవత్సరపు ముందుమాటను విడిగా తీసుకుంటాను.

రెండింటి సారాంశ భాగం పొడవు దాదాపు సమానమే. తేడా అంతా చివర్లో ఉంది. రెండో ఎంట్రీ ఈ ఆకరంతో ఏం చేయకూడదో కూడా చెబుతోంది. మీ వ్యాసం రాసేటప్పుడు మిమ్మల్ని కాపాడేది ఆ మాటే.

"వివరించారు", "చర్చించారు" బదులు ఏ క్రియ వాడాలన్నది కష్టమైన విషయమేమీ కాదు. రచయిత చేసిన పని చూసి "వాదించారు", "ఖండించారు", "సవరించారు", "విడదీసి చూపారు", "ప్రతిపాదించారు", "అనుమానించారు" లాంటి వాటిలో సరైనది ఎంచుకోండి. క్రియ సరిగ్గా పడితే "గురించి" అన్న మాట దానంతటదే పోతుంది.

## 8. ప్రత్యర్థి వాదానికి ఎంట్రీ

వెల్చేరు నారాయణరావు చేసిన ఇంగ్లిషు అనువాదాన్ని ఇండియానా యూనివర్సిటీ ప్రెస్ 2007లో ప్రచురించింది. ఆ పుస్తకంలో అనువాదంతో పాటు ఆయన రాసిన విమర్శ వ్యాసం ఉంది. ఒకే పుస్తకం, రెండు వేర్వేరు వస్తువులు. మీరు వాడేది వ్యాసమైతే ఎంట్రీ వ్యాసానికే రాయాలి.

> వెల్చేరు నారాయణరావు. అనువాదం వెనుక విమర్శ వ్యాసం. గర్ల్స్ ఫర్ సేల్: కన్యాశుల్కం, ఎ ప్లే ఫ్రమ్ కలోనియల్ ఇండియా. ఇండియానా యూనివర్సిటీ ప్రెస్, 2007.
>
> కన్యాశుల్కాన్ని సంస్కరణ నాటకంగా చదివే అలవాటు నాటకానికి న్యాయం చేయదని ఈ వ్యాసం వాదిస్తుంది. నాటకాన్ని వలసపాలన నాటి ఆధునికత నేపథ్యంలో పెట్టి చూడటం దీని పద్ధతి. సంస్కరణ ముద్రను నేరుగా ప్రశ్నించినందువల్ల నా ప్రశ్న రెండో సగానికి ఇది తప్పనిసరి. దీనితో పాటున్న అనువాదం 1909 పాఠానిది కాబట్టి, మధురవాణి పాత్రలో వచ్చిన మార్పును మాత్రం నేను తెలుగు మూలాలు రెండింటి నుంచే చూపాలి. మూడో అధ్యాయాన్ని ఈ వాదంతోనే మొదలుపెట్టి, 1897 పాఠానికి కూడా ఇది వర్తిస్తుందా అని అడుగుతాను.

పుటల సంఖ్యలు మీ చేతిలోని ప్రతి చూసి వేసుకోవాలి. ఇంకెవరి జాబితా నుంచో ఎత్తుకోవద్దు.

ఇక్కడ "ఒప్పుకుంటాను", "ఒప్పుకోను" అన్న తీర్పు లేదు. ఎనొటేషన్‌లో గెలుపోటములు తేల్చాల్సిన పని లేదు. ఆ వాదం మీ ప్రశ్నను ఏ వైపు నెడుతుందో చెబితే చాలు. మీ అభిప్రాయానికి ఎదురు నిలిచే ఆకరం జాబితాలో ఒక్కటీ లేకపోతే ఇంకా వెతకాలని అర్థం.

## 9. పక్కన పెట్టిన ఆకరాన్ని పారేయకండి

చదివి అక్కర్లేదనుకున్న వాటికి ఒక విడి ఫైలు పెట్టండి. పేరు, పుటలు, ఎందుకు పక్కన పెట్టారో ఒక వాక్యం. "నాటక ప్రదర్శనల చరిత్ర, పాఠాల తేడా ప్రస్తావన లేదు" అన్నంత చాలు. ప్రశ్న మారితే మొదట తెరవాల్సిన ఫైలు అదే. మార్గదర్శకుడు "ఫలానాది చూడలేదా?" అని అడిగితే జవాబు కూడా అందులోనే ఉంటుంది.

## 10. తరచూ జరిగే పొరపాట్లు, వాటి మందు

వెనక అట్ట మీది పరిచయాన్ని సారాంశంగా రాయడం. గుర్తుపట్టడం తేలిక: ఎనొటేషన్‌లో ఒక్క పుట సంఖ్య కూడా చెప్పగలిగేలా ఉండదు. మందు: వాదం ఉన్న వాక్యాన్ని పుస్తకంలో వేలు పెట్టి చూపగలగాలి. చూపలేకపోతే ముగింపు అధ్యాయం ముందు చదివి, తర్వాత మొదటి అధ్యాయం చదవండి.

పాత ఆకరాన్ని పాతదని తీసేయడం. విజ్ఞానశాస్త్రాల్లో పదేళ్ల హద్దు పెట్టుకోవచ్చేమో గానీ సాహిత్యంలో అది కుదరదు. 1909 నాటకం మీద అప్పటివాళ్లు రాసిన సమీక్ష దొరికితే, తేదీయే దాని విలువ. అయితే దాన్ని వాదంగా కాక పరిశీలన వస్తువుగా రాయాలి.

ఒకరి ఉల్లేఖన నుంచి ఇంకొకరిని ఎత్తుకోవడం. ఒక వ్యాసంలో ఇంకో విమర్శకుడి మాట చూసి, ఆ విమర్శకుడి పుస్తకానికి ఎంట్రీ రాసేస్తారు. అసలు పుస్తకం తెరిస్తే ఆ మాటకు ముందూ వెనకా వేరే సంగతి ఉంటుంది. చూడనిదానికి ఎంట్రీ రాయవద్దు.

అన్ని ఎంట్రీలూ ఒకే పొడవున ఉండాలనుకోవడం. మీ వ్యాసం నిలబడే ఆకరానికి 110 మాటలు, ఒక్క తేదీ కోసం వాడే దానికి 40 మాటలు ఇవ్వండి. పొడవే మీరు వేసిన బరువును చూపుతుంది.

## 11. పేర్లు, వరుస, అమరిక

తెలుగులో ఇంటిపేరు ముందే వస్తుంది కాబట్టి తెలుగు జాబితాలో "గురజాడ అప్పారావు" అని ఉన్నదున్నట్టు రాసి "గ" కింద పెట్టండి, మధ్యలో కామా అక్కర్లేదు. ఇంగ్లిషు జాబితాల్లో అదే రచయిత అప్పారావు కింద, వెల్చేరు నారాయణరావు నారాయణరావు కింద కనిపిస్తారు. లైబ్రరీ కేటలాగులో వెతికేటప్పుడు రెండు రకాలుగానూ వెతకాలి. జాబితాలో మాత్రం ఒకే పద్ధతి మొదటి నుంచి చివరి దాకా పాటించండి. తెలుగు, ఇంగ్లిషు ఆకరాలు రెండూ ఉంటే రెండు విభాగాలు చేయడం మేలు. అక్షరక్రమం ఏ విభాగానికి ఆ విభాగంలో సరిపోతుంది.

గ్రంథ వివరంలో మొదటి పంక్తి అంచున మొదలై, తర్వాతి పంక్తులు అర అంగుళం లోపలికి జరగాలి. Wordలో పేరా మీద కర్సర్ పెట్టి `Ctrl+T` నొక్కితే చాలు. ఎం.ఎల్.ఎ.లో ఎనొటేషన్ పేరా మొత్తం ఒక అంగుళం లోపలికి, ఎ.పి.ఎ. అనే ఇంకో శైలిలో అర అంగుళం లోపలికి ఉంటుంది. స్పేస్ బార్ కొట్టి జరపకండి. ఫాంటు మారగానే అంతా చెదిరిపోతుంది.

## 12. ఇచ్చే ముందు ఒక్కో ఎంట్రీకి ఈ తనిఖీ

- ఏ పాఠమో, ఏ ముద్రణో, ఏ పుటలు చదివామో స్పష్టంగా ఉందా?
- మొదటి వాక్యంలో వాదం ఉందా, విషయం పేరు మాత్రమే ఉందా?
- బిరుదులు, "చక్కగా", "ఎంతగానో" పోయాయా?
- కనీసం ఒక హద్దు చెప్పామా?
- నాలుగు పనుల్లో ఏది చేయబోతోందో రాశామా?
- చివరి వాక్యాన్ని ఇంకొకరి ప్రాజెక్టులో పెడితే అతకకుండా ఉందా?
- ఎంట్రీలోని ప్రతి సంఖ్య, ప్రతి తేదీ ప్రతిని తెరిచి సరిచూశామా?